రద్దయిన సబ్‌స్క్రిప్షన్‌కు 1,499 రూపాయలు, దాని మీద మీ కస్టమర్ కేర్ ఆడిన ఆట: ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

మీ పేరు రాద్దామనుకున్నాను. ఫోన్లో అడిగితే "ఆ వివరాలు షేర్ చేయడానికి మాకు పర్మిషన్ లేదు సర్" అన్నారు. నా ఖాతాలోంచి డబ్బు తీయడానికి మాత్రం మీకు పర్మిషన్ ఉందట. అసలు గొడవ ఆ పర్మిషన్ గురించే.

మీ సినిమాల యాప్‌కి నేను నెలకు 149 రూపాయల ప్లాన్ కట్టేవాణ్ణి. పిల్లల పరీక్షలని యాప్‌లోనే సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశాను. "మీ సబ్‌స్క్రిప్షన్ రద్దయింది" అని మీరే మెయిల్ పంపారు. అది నా దగ్గర భద్రంగా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు, మరుసటి రోజు 1,499 రూపాయలు డెబిట్ అవుతాయని, కింద మీ కంపెనీ పేరుతో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అది మీ వార్షిక ప్లాన్ ధర. నేనెప్పుడూ తీసుకోని ప్లాన్.

వెంటనే మీకు ఫోన్ చేశాను. సంగీతం విన్నాను. తర్వాత ఒకావిడ చాలా మర్యాదగా, ఇది బ్యాంక్ వాళ్లు తీసేది, మాకు సంబంధం లేదు అన్నారు. బ్యాంక్‌కి చేస్తే, మర్చంట్ అడిగితేనే మేము ఇస్తామండీ, వాళ్లనే అడగండి అన్నారు. మళ్లీ మీకు చేశాను. ఈసారి వేరే అబ్బాయి. కథ మొదటినుంచి చెప్పించుకుని, "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని, ఎక్కడో రాసుకుని చదువుతున్నట్టు ఒక్క గుక్కలో అనేశాడు. టికెట్ పెట్టాను, డబ్బు కట్ కాదు అన్నాడు. అంతటితో ఆగలేదు. "మీరు యూపీఐ యాప్‌లో మాండేట్‌ని మాత్రం ముట్టుకోకండి సర్, దాన్ని తీసేస్తే రీఫండ్ ఆగిపోతుంది" అని, నా ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి మీకిచ్చిన ఆ అనుమతి గురించి సలహా కూడా ఇచ్చాడు. మరుసటి రోజు డబ్బు పోయింది.

ఇక ఈ ఫోన్లన్నిటిలో మీ వాళ్లు ఏ మాత్రం ఆలోచించకుండా చెప్పిన రెండు ముక్కల సంగతి చూద్దాం. మీ ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పినట్టు లేదు కాబట్టి నేనే చెబుతాను, ఫీజు అక్కర్లేదు.

మొదటిది, "మీరే పిన్ కొట్టి ఒప్పుకున్నారు కదా సర్." ఒప్పుకున్నాను. కానీ దేనికి? చేరేటప్పుడు మీరు ఒక రూపాయి ట్రయల్ అన్నారు. యూపీఐ యాప్‌లో తెర మీద పెద్ద అక్షరాల్లో ఆ రూపాయే కనబడింది. దాని కింద చిన్న అక్షరాల్లో మాండేట్ వివరాలు: మీ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, గరిష్ఠ మొత్తం 1,499, ఎంత తరచుగా అన్నచోట "As presented", అంటే మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు. ఆ ఒక్క యూపీఐ పిన్ రెండు పనులు చేస్తుంది. ఆ రూపాయి కట్టడం ఒకటి, ముందు ముందు మీరు ఆ గరిష్ఠ మొత్తం దాటకుండా మళ్లీ పిన్ అడగకుండా తీసుకునేందుకు మాండేట్ నమోదు చేయడం ఇంకొకటి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన కూడా అదే: నమోదు చేసేటప్పుడూ, మొదటి డెబిట్‌కూ కస్టమర్ స్వయంగా ధ్రువీకరించాలి. రెండూ ఒకేసారి జరిగితే ఒక్క ధ్రువీకరణ చాలు. ఆ తర్వాత మామూలు సబ్‌స్క్రిప్షన్లకు 15,000 రూపాయల దాకా ప్రతిసారీ పిన్ అక్కర్లేదు.

గరిష్ఠ మొత్తం అంటే మీరు దాటకూడని గీత. అక్కడిదాకా ఎప్పుడైనా తీసుకోండి అని నేను ఇచ్చిన చీటీ కాదు. 149 రూపాయల ప్లాన్‌కి 1,499 గరిష్ఠం ఎందుకు పెట్టారని చేరిన రోజే మీ చాట్‌లో అడిగాను. "అది లిమిట్ మాత్రమే సర్, అంత కట్ అవ్వదు" అన్నారు. ఆ స్క్రీన్‌షాట్ కూడా ఉంది. సబ్‌స్క్రిప్షనే రద్దయ్యాక ఆ లిమిట్ మొత్తాన్నీ ఎలా వాడేశారో మీ వాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒకాయనైతే, "సిస్టంలో అలాగే ఉంది సర్" అన్నాడు. సిస్టం ఎవరిదండీ?

రెండోది, "బ్యాంకే తీసింది." బ్యాంకుకు నా సినిమాల ప్లాన్‌తో ఏం పని? డెబిట్ కోసం ముందు మీ వైపు నుంచి అడగాలి. అడిగితేనే బ్యాంకు ఇస్తుంది. డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్లాలి, అందులో ఎవరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు తీస్తున్నారో ఉండాలి. యూపీఐ ఆటోపేలో ఆ మెసేజ్ కదిలేది కూడా మర్చంట్ వైపు నుంచే. అంటే నాకు మెసేజ్ వచ్చిన క్షణానికే మీ సిస్టం నా 1,499 కోసం వరుసలో నిలబడి ఉంది. ఆ రోజు ఫోన్ ఎత్తినావిడ తన ముందున్న కంప్యూటర్‌లో ఒక్కసారి చూస్తే తెలిసేది.

ఆ 24 గంటలు పెట్టిందే మేము వద్దనడానికి. ఆ ఒక్క డెబిట్‌ని ఆపుకోవచ్చు, లేదా మాండేట్‌నే రద్దు చేసుకోవచ్చు. యూపీఐ యాప్‌లో ఆటోపే లోపలికి వెళ్లి, మీ పేరు మీద నొక్కి, రద్దు అని పిన్ కొడితే అయిపోతుంది. ఇక మీరు ఎన్నిసార్లు అడిగినా బ్యాంకు ఇవ్వదు. మీ యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసినా మాండేట్ బతికే ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ రద్దయితే దానికి కట్టిన మాండేట్‌ని మీ వైపు నుంచి మీరు కూడా తీసేయవచ్చు. మీరు తీయలేదు. పైగా నన్నూ తీయనివ్వలేదు. రీఫండ్‌కి మాండేట్‌తో సంబంధమే లేదు, అది డబ్బు పోయిన ఖాతాకే తిరిగి వస్తుంది. డబ్బు పోయాక మాండేట్ రద్దు చేసుకున్నాను, నిమిషం కూడా పట్టలేదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అలా చెప్పమని రాసిచ్చినవాళ్ల మీద ఉంది.

ఇన్ని చేశాక మీరు నాకు ఇచ్చింది ఏమిటి? టికెట్ "Resolved" అని మెసేజ్. ఏం తేలిందో రాయలేదు. కింద, మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు. మీ ధైర్యానికైతే అయిదు ఇవ్వవచ్చు.

మీ యాప్ కొత్తగా వచ్చినప్పుడు, సినిమా మధ్యలో ఆగిపోతున్నా, సబ్‌టైటిల్స్ ఒకచోట మాట ఒకచోట వస్తున్నా, పోనీలే మన తెలుగు సినిమాలు బాగా పెడుతున్నారని అంటిపెట్టుకున్నవాళ్లం మేము. మా తోడల్లుడి చేత, మా ఆఫీసులో సగం మంది చేత చేర్పించాను. ఇప్పుడు వాళ్లందరికీ ఫోన్ తీసి, మీ మాండేట్‌లో గరిష్ఠ మొత్తం ఎంతుందో చూసుకోమని చెబుతున్నాను. మా తోడల్లుడిది కూడా 1,499 అనే ఉంది. ఆయనది కూడా నెలవారీ ప్లానే.

1,499 సంగతి నేను మర్చిపోలేదు, అది వెనక్కి రావాలి. కానీ దానికంటే ముందు, రద్దయిన సబ్‌స్క్రిప్షన్‌కి డెబిట్ ఎవరు అడిగారో, మాండేట్‌ని ముట్టుకోవద్దని ఎవరు చెప్పమన్నారో కాగితం మీద కావాలి. ఆ కాల్ రికార్డింగ్ చెరిపేయకండి. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే ఈ లేఖ, మెయిల్, స్క్రీన్‌షాట్లు అన్నీ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాయి. చేరడం తేలిక, బయటపడడం కష్టంగా పెట్టే సబ్‌స్క్రిప్షన్ వలలని 2023లో కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో చేర్చింది. మీ లీగల్ వాళ్లకి తెలిసే ఉంటుంది. బ్యాంక్ పాత్ర ఎంతుందో తేలితే వాళ్ల మీద రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వేరే రాస్తాను. అది మీకు సంబంధం లేని సంగతి, నిజంగానే.

జవాబు ఇచ్చేటప్పుడు మళ్లీ నా రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ అడగకండి, మీ దగ్గరే ఉంది. అసౌకర్యానికి చింతించనూ వద్దు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
రాజమహేంద్రవరం