నోటీసుల్లో ఈ కేకలెందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా వార్డు వాట్సాప్ గ్రూపులోకి ఈమధ్య వచ్చిన ఒక నోటీసును ఉన్నది ఉన్నట్టుగా కింద ఇస్తున్నాను. ఇలాంటివి దాదాపు ప్రతి ఊళ్లోనూ వస్తున్నాయి కాబట్టి పంపింది ఎవరన్నది ఇక్కడ అనవసరం.

```
*ముఖ్య గమనిక!!!!*
*రేపు నీటి సరఫరా నిలిపివేయబడును!!!!*
*పన్ను బకాయిదారులు వెంటనే చెల్లించవలెను!!!!*
*లేనిచో కనెక్షన్ తొలగించబడును!!!!*
*ప్రజలందరూ సహకరించగలరు!!!!*
```

ఇందులో ప్రతి వాక్యానికీ అటో చుక్క గుర్తు, ఇటో చుక్క గుర్తు పెట్టారు. వాట్సాప్‌లో అలా పెడితే అక్షరాలు లావుగా కనిపిస్తాయి. నీళ్లు ఏ వీధులకు రావు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు రావు అన్న రెండు ముక్కలు మాత్రం ఎక్కడా లేవు. కాసేపటికే కింద జవాబులు మొదలయ్యాయి. ‘ఎప్పటి దాకా????’ అని ఒకరు, ‘పన్ను కట్టినవాళ్లకి కూడా కట్ చేస్తారా?????’ అని మరొకరు. ‘ముందు మర్యాదగా రాయడం నేర్చుకోండి’ అని ఇంకొకరు. నోటీసు పెట్టిన ఉద్యోగి పాపం ‘నేనేం తప్పుగా రాశాను’ అని నొచ్చుకున్నాడు. నిజమే, నోటీసులో తిట్టు ఒక్కటీ లేదు. అయినా గ్రూపులో అందరికీ అరిచినట్టే వినిపించింది.

ఎందుకలా? ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు గొంతు, ముఖం, చెయ్యి ఊపే తీరు అన్నీ మాటకు తోడుంటాయి. కాగితం మీదా ఫోన్‌లోనూ అవి ఉండవు కాబట్టి చదివేవాడే తన మనసులో ఒక గొంతు పెట్టుకుని చదువుతాడు. మామూలు అక్షరాలు మామూలు గొంతులో వినిపిస్తాయి. వాటికంటే పెద్దగానో లావుగానో ఏదైనా కనిపిస్తే ఆ గొంతు పెరుగుతుంది. పెరగడానికి కారణం రాసినవాడు చెప్పకపోతే, కోపమే అయి ఉంటుందని చదివేవాడు అనుకుంటాడు.

ఇంగ్లిషు క్యాపిటల్ లెటర్లకు ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. పాత టెలిప్రింటర్లలో చిన్న అక్షరాలే ఉండేవి కావు, వచ్చిన ప్రతి వార్తా క్యాపిటల్స్‌లోనే వచ్చేది. మన దేశంలో 2013 జూలైలో ఆగిపోయిన టెలిగ్రామ్‌లు కూడా చాలావరకు అలాంటివే. అన్నీ అలాగే ఉన్నప్పుడు దాన్ని ఎవరూ అరుపు అనుకోలేదు. రెండు రకాలూ చేతిలో ఉండి కూడా పెద్దవే ఎంచుకున్నప్పుడు అర్థం మారింది. ఇంటర్నెట్‌లో మర్యాదలు ఎలా పాటించాలో చెబుతూ 1995లో వెలువడిన ఒక పత్రం, అన్నీ క్యాపిటల్స్‌లో రాస్తే అరిచినట్టుంటుందని స్పష్టంగా రాసింది.

అమెరికా జాతీయ వాతావరణ సంస్థ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. టెలిప్రింటర్లు పోయి ఎన్నేళ్లయినా వాళ్ల ప్రకటనలు అన్నీ క్యాపిటల్స్‌లోనే వస్తుండేవి. చివరికి 2016 మే 11న మామూలు అక్షరాలకు మారడం మొదలుపెట్టారు. అప్పుడు వాళ్లు క్యాపిటల్స్‌ను పూర్తిగా వదిలెయ్యలేదు. నిజంగా ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు జనం దృష్టి పడేలా చెప్పడానికి ఆ అవకాశం అట్టే పెట్టుకున్నారు. నా ఉద్దేశంలో ఈ వ్యవహారమంతటికీ కీలకం అక్కడే ఉంది. రోజూ వచ్చే మబ్బులూ జల్లుల కబురు కూడా పెద్ద అక్షరాల్లోనే ఉంటే, తుపాను వచ్చిన రోజు ఇంకేం చేస్తారు?

మన కోస్తా వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు, నారింజ, ఎరుపు అని వరుస ఉంది. ఎరుపు అంటే ఇక చర్య తీసుకోవాల్సిందేనని అర్థం. అదే ఎరుపులో, అదే లావు అక్షరాల్లో చెత్త బండి వేళలు, బడి యూనిఫాం రంగు, అపార్ట్‌మెంట్ లిఫ్టు మరమ్మతు కూడా వస్తుంటే కళ్లు వాటిని దాటెయ్యడానికి అలవాటు పడిపోతాయి. నేను బడిలో పనిచేసిన రోజుల్లో పరీక్షల ముందు పుస్తకంలో ప్రతి వాక్యం కిందా గీత గీసే పిల్లలుండేవాళ్లు. ఏది ముఖ్యమో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చేది. మా వార్డు నోటీసూ అంతే.

కొందరు కోపంతోనో పెత్తనంతోనో రాయరన్నది కూడా ఒప్పుకోవాలి. మన దగ్గర బ్యాంకు ఫారమైనా రైలు రిజర్వేషన్ ఫారమైనా ‘బ్లాక్ లెటర్స్‌లో నింపండి’ అనే ఉంటుంది. అలా చిన్నప్పటి నుంచి అలవాటైన తరానికి క్యాపిటల్స్ అంటే స్పష్టత, ఆఫీసు మర్యాద. ఒక పెద్దాయన తన మనవరాలికి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా అలాగే పంపుతారు. అందులో కోపం ఎక్కడుంది? కానీ పంపినవాడి మనసు అవతలికి చేరదు, అక్షరాలే చేరతాయి. న్యూజిలాండ్‌లో ఒక ఆరోగ్య సంస్థ అకౌంటెంట్‌ను 2007లో ఇలాంటి మెయిళ్ల కారణంగానే ఉద్యోగం నుంచి తీసేశారు. సాక్ష్యంగా చూపిన మెయిల్‌లో ఉన్నదల్లా క్లెయిము ఫారాలు ఎలా నింపాలన్న సూచన. తేదీ, సమయం ఎర్రటి లావు అక్షరాల్లోనూ, ఒక వాక్యం నీలం రంగులో అన్నీ క్యాపిటల్స్‌లోనూ ఉన్నాయి. అవి తోటి ఉద్యోగులతో తగాదాకు దిగినట్టున్నాయని సంస్థ వాదన. తొలగింపు అన్యాయమని అక్కడి ఉద్యోగ వివాదాల సంస్థ తేల్చి, ఆమెకు 17,000 డాలర్లు ఇప్పించింది. తీర్పు ఆమె వైపే వచ్చినా, ఆ రంగులకీ అక్షరాలకీ అప్పటికే ఉద్యోగం పోయింది.

తెలుగులో క్యాపిటల్స్ లేవు కదా అనుకోవచ్చు. లేవు కాబట్టే ఆ భారమంతా లావు అక్షరాల మీద, ఆశ్చర్యార్థకాల మీద పడుతోంది. పైగా మన లిపికి లావు అక్షరాలు అంతగా నప్పవు. మన అక్షరాలన్నీ గుండ్రాలు, లోపలి ఖాళీలు, కింద వత్తులు. చిన్న ఫోన్ తెరమీద గీత లావైతే ఆ ఖాళీలు పూడుకుపోతాయి. ద, ధ మధ్య తేడా అడుగున ఒక చిన్న గీత. థకు లోపల ఒక చుక్క. లావైతే ముందు పోయేవి ఇవే. ‘రాష్ట్ర’ లాంటి మాట దగ్గర రెండు వత్తులు ఒక ముద్దగా కనిపిస్తాయి. చూపు మందగించిన పెద్దవాళ్ల కోసమే లావుగా పెడుతున్నామనే వాళ్లు ఇది గమనించాలి. పెద్దవాళ్లకు కావలసింది పెద్ద అక్షరం, లావు అక్షరం కాదు. అది వాళ్ల ఫోన్ సెట్టింగుల్లోనే ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ సందేశాన్ని మామూలు ఎస్సెమ్మెస్‌లోకి కాపీ చేస్తే లావు కాస్తా పోయి చుక్క గుర్తులు మిగులుతాయి.

ప్రశ్న గుర్తుల విషయం మరీ విచిత్రం. ‘వస్తారా’ అన్నప్పుడు ఆ చివరి దీర్ఘమే ప్రశ్న. ‘ఎప్పుడు’, ‘ఎందుకు’ అన్న మాటల్లోనూ ప్రశ్న ఉండనే ఉంది. ఒక గుర్తు పెట్టడం అచ్చు పుస్తకాల వల్ల మనకు అలవాటైన మర్యాద. నాలుగు పెడితే ప్రశ్న నాలుగింతలు కాదు. ‘ఇంకా ఎన్నిసార్లు అడగాలి’ అన్న విసుగు మాత్రం చేరుతుంది. జవాబు చెప్పాల్సినవాడు ప్రశ్నను వదిలేసి ఆ విసుగుకు జవాబు చెప్పడం మొదలుపెడతాడు. నిజంగా జవాబు కావాలంటే ఆ గుర్తుల బదులు వివరాలు రాయాలి. ‘ట్యాంకరు గురించి సోమవారం అడిగాను, జవాబు రాలేదు. ఈ సాయంత్రం 5 గంటల్లోగా చెబితే మేము బయటి నుంచి తెప్పించుకోవాలో లేదో తేల్చుకుంటాం’ అంటే అవతలివాళ్లకు తప్పించుకునే దారి తక్కువ. ఆలస్యం ఎవరిదో కూడా తేదీతో సహా రికార్డులో ఉంటుంది.

మాటకు బరువు ఇవ్వడానికి తెలుగులో గొంతు పెంచక్కర్లేని పద్ధతులు ఎన్నో ఉన్నాయి. ‘రేపు కట్టాలి’ అనేదాన్ని ‘రేపే కట్టాలి’ అంటే చాలు, మరో రోజు కుదరదని తెలిసిపోతుంది. ‘కట్టాల్సింది అద్దెకున్నవాళ్లు కాదు, ఇంటి యజమానులు’ అని వాక్యం తిప్పితే ఎవరికీ అనుమానం మిగలదు. ‘మిగతా వీధులకు నీళ్లు వస్తాయి, మీ వీధికి మాత్రం రావు’ అన్నప్పుడు ఆ ‘మాత్రం’ చేసే పని ఏ లావు అక్షరమూ చెయ్యలేదు. ఇవన్నీ మనం నోటితో రోజూ వాడేవే. రాసేటప్పుడే ‘నిలిపివేయబడును’, ‘తొలగించబడును’ అని బిగుసుకుపోతాం. అందులో ఎవరు, ఎప్పుడు అన్నవి కనబడకుండా పోతాయి, ఆ లోటును ఆశ్చర్యార్థకాలతో పూడుస్తాం.

కారణమూ ఫలితమూ చెప్పడం అన్నిటికంటే గట్టి పద్ధతి. ‘వెంటనే చెల్లించాలి!!!!’ అంటే బెదిరింపు. ‘15వ తేదీ దాటితే ఆలస్య రుసుము పడుతుంది’ అంటే లెక్క. రెండోదానికే జనం కదులుతారు.

పై నోటీసునే నేనైతే ఇలా రాస్తాను. వీధుల పేర్లు, వేళలు ఉదాహరణకు వేసుకున్నవి:

```
*రేపు (మంగళవారం) ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు*
గుడి వీధికి, చెరువు వీధికి కుళాయి నీళ్లు రావు.
పైపు పగిలినచోట మరమ్మతు చేస్తున్నాం.
వాడకానికి కావలసిన నీళ్లు ఈ రాత్రే పట్టుకోండి.
మిగతా వీధులకు మామూలుగానే వస్తాయి.
```

లావు అక్షరాలు ఒక్క చోటే ఉన్నాయి. ఎవరైనా మళ్లీ గ్రూపు తెరిచి వెతుక్కునేది ఆ వేళల కోసమే కాబట్టి అక్కడ అవి పనికొస్తాయి. ‘ఈ రాత్రే’ అన్నచోట తొందర ఉంది, అరుపు లేదు. పన్ను బకాయిల మాట తీసేశాను. అది వేరే సందేశంగా, బకాయి ఉన్నవాళ్లకే వెళ్లాలి. అందరినీ ఒకే గాటన కట్టి హెచ్చరించినందుకే ఆ రోజు పన్ను కట్టినవాళ్లకు కోపం వచ్చింది.

మున్సిపాలిటీలు, విద్యుత్ కార్యాలయాలు, బళ్లు ఇలాంటి నమూనాలు నాలుగైదు ముందే రాసి పెట్టుకుంటే, గ్రూపులో పెట్టే ఉద్యోగి ఖాళీలు నింపితే సరిపోతుంది. ఎరుపు రంగు, వరుస ఆశ్చర్యార్థకాలు తుపాను, వరద, గ్యాస్ లీకు, తెగిపడిన కరెంటు తీగ లాంటివాటికే వాడాలని పై అధికారులు ఒక మాట చెబితే బాగుంటుంది. మీ పత్రిక వెబ్ శీర్షికల్లోనూ ఈమధ్య ఆశ్చర్యార్థకాలు ఎక్కువయ్యాయి, వాటినీ కాస్త చూడమని మనవి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పశ్చిమ గోదావరి జిల్లా