చుక్క ఒక్కటే చాలదు, వలయం కూడా చూపించండి

అత్యవసర సేవల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే కంట్రోల్ రూమ్ తెర మీద, మ్యాపులో ఒక చుక్క కనిపిస్తుంది. అంబులెన్స్ నేరుగా ఆ చుక్క దగ్గరికే బయలుదేరుతుంది. ఫోన్లు లొకేషన్ ఎలా కనిపెడతాయో చూడటమే నా పని కాబట్టి ఒక మాట చెప్పాలి. ఫోన్ నిజానికి ‘ఈ వలయంలో ఎక్కడో ఉన్నాను’ అని పంపుతుంది. ఆ వలయాన్ని మన తెరలు చెరిపేస్తున్నాయి.

చాలా దేశాల్లో ఉన్న అడ్వాన్స్‌డ్ మొబైల్ లొకేషన్ పద్ధతినే తీసుకోండి. ఎమర్జెన్సీ నంబర్‌కు కాల్ చేయగానే ఫోన్ తనంతట తానే లొకేషన్ వెతికి ఒక మెసేజ్ పంపుతుంది. అందులో అక్షాంశ రేఖాంశాల వెనకే ఇలాంటి వరుస ఒకటి ఉంటుంది:

```
rd=50;top=20240315184210;lc=68;pm=W
```

`rd` అంటే వలయం వ్యాసార్ధం, ఇక్కడ 50 మీటర్లు. `top` ఆ లొకేషన్ దొరికిన సమయం. `lc` ఎంత శాతం నమ్మవచ్చో చెబుతుంది. `pm` ఎలా దొరికిందో చెబుతుంది: `G` అయితే శాటిలైట్, `W` అయితే వైఫై, `C` అయితే టవర్. 50 మీటర్ల వలయమంటే దాదాపు రెండెకరాలు. పైగా 68 శాతం అంటే, ముగ్గురిలో ఒకరు ఆ రెండెకరాల బయటే ఉండొచ్చు. 95 శాతం ధీమా కావాలంటే, మామూలు లెక్కలో వలయం 80 మీటర్లు దాటుతుంది. అంటే అయిదెకరాలు.

ఆరుబయట నిలబడితే శాటిలైట్‌దే పైచేయి. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఆ సిగ్నల్ ఎంత సేపట్లో చేరిందో కొలిచి ఫోన్ దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు శాటిలైట్లు కనిపిస్తే అయిదారు మీటర్ల తేడాతో చోటు తేలుతుంది. కానీ ఎత్తైన భవనాల మధ్య నేరుగా రావాల్సిన సిగ్నల్‌కు గోడ అడ్డొచ్చి, ఎదుటి భవనం అద్దాలకు తగిలి వచ్చినదే ఫోన్‌కు అందుతుంది. ఆ చుట్టుదారి 60 మీటర్లు ఎక్కువైతే శాటిలైట్ 60 మీటర్లు దూరం జరిగినట్టే లెక్క. ఫోన్‌కు ఆ మోసం ఎప్పుడూ తెలియాలని లేదు, కాబట్టి చిన్న వలయమే గీసి, ధీమాగా రోడ్డుకు అవతలి వైపు చూపించగలదు.

ఇంట్లోకి వెళ్తే వైఫై ముందుకొస్తుంది. ఫోన్ ఏ రౌటర్‌కూ కనెక్ట్ కానక్కర్లేదు. చుట్టుపక్కల వినిపించే రౌటర్ల గుర్తింపు సంఖ్యలు, వాటి సిగ్నల్ బలం చూసి, ఏ రౌటర్ ఎక్కడుందో రాసిపెట్టిన పెద్ద జాబితాతో పోలుస్తారు. తిరకాసంతా ఆ జాబితా పాతబడటంలోనే ఉంది. ఒక కుటుంబం ఇల్లు మారుతూ రౌటర్‌ను వెంట తీసుకెళ్లిందనుకోండి. కొత్త చోట చుట్టూ ఇంకో పది రౌటర్లు వినిపిస్తే, ఈ ఒక్కటీ పొంతన కుదరడం లేదని తేలిగ్గా పక్కన పెట్టేయొచ్చు. అదే కొత్త ఇల్లు ఊరి చివర విడిగా ఉండి, ఆ ఒక్క రౌటరే వినిపిస్తే? చుక్క పాత ఇంటి మీద పడుతుంది. వలయం చిన్నదిగానే ఉంటుంది. అంబులెన్స్ ఇంకెవరి తలుపో తడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి దారి ఉంది. కాల్ మోస్తున్న టవర్ ఏదో నెట్‌వర్క్‌కు ఎలాగూ తెలుసు. చుక్క ఒక చోట, టవర్ ఇంకో ఊళ్లో ఉంటే ఆపరేటర్‌కు వెంటనే అనుమానం రావాలి. రెండూ ఒకే తెర మీద పక్కపక్కనే ఉంటేనే అది సాధ్యం.

టవర్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మాత్రం కష్టం. 4జీలో సిగ్నల్ వెళ్లివచ్చే సమయాన్ని బట్టి సుమారు 78 మీటర్ల మెట్లలో దూరం తెలుస్తుంది. దిక్కు విషయంలో మాత్రం, మామూలుగా 120 డిగ్రీలుండే యాంటెనా వెడల్పు మొత్తం మిగిలిపోతుంది. ఫోన్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న వంపు అంతా వెతకాలి. దాని మధ్యలో చుక్క పెట్టి ‘ఇదే చోటు’ అనడం అన్యాయం. అంతస్తు సంగతి ఈ మూడింటిలో ఏదీ గట్టిగా చెప్పదు, అది మనిషి అడిగి తెలుసుకోవాల్సిందే.

నేను అడిగేది కొత్త పరికరాలు కాదు. వచ్చిన మెసేజ్‌లోని వలయం, సమయం, పద్ధతి తెర మీద కనిపించాలి. `pm=C` వస్తే చుక్క బదులు ఆ ప్రాంతమంతా రంగుతో పరుచుకోవాలి. `pm=W` అయితే అడ్రస్ నోటితో చెప్పించుకోనిదే బండి కదలకూడదని కాదు, బండి బయలుదేరాక కూడా ఆ ప్రశ్న ఆగకూడదు. `top` యూటీసీలో వస్తుంది. దాన్ని స్థానిక సమయంలోకి మార్చకపోతే తాజా లొకేషన్‌ను గంటల కిందటిదని పొరబడతారు. కొత్త తెర వాడకంలోకి రాకముందు బహుళ అంతస్తుల మధ్య నుంచి, లోపలి గదుల నుంచి, విడిగా ఉన్న ఇళ్ల నుంచి టెస్ట్ కాల్స్ చేయించి, అసలు చోటు వలయంలో పడిందో లేదో లెక్కపెట్టించండి. ఆ లెక్కను అందరికీ తెలిసేలా ప్రకటించండి.

ఇట్లు,
ఫోన్ లొకేషన్ రంగంలో పనిచేసే ఒక ఇంజనీర్