పెద్దవాళ్లకూ ఒంటిపూట ఉద్యోగాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

అరవై దాటాక ఏ పింఛనూ లేని మగవాళ్లకు మన ఊళ్లలో మొదట దొరికే పని వాచ్‌మన్ ఉద్యోగం. పన్నెండు గంటల డ్యూటీ, అందులోనూ ఎక్కువగా రాత్రిపూట. ‘కూర్చునే పనే కదా, ఏం కష్టం’ అని ఇంట్లోవాళ్లూ అంటారు, పెట్టుకున్నవాళ్లూ అంటారు. రాజమహేంద్రవరంలో చాలా ఏళ్లు మందుల షాపు నడిపినవాడిని. ఆ డ్యూటీ దిగి తెల్లవారి వచ్చేవాళ్లు కౌంటర్ దగ్గర ఏమేం అడిగేవారో నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇప్పుడు షాపు లేదు. మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. చిన్న వ్యాపారం చేసుకున్నవాడిని కనుక నాకూ పింఛను లేదు.

పింఛను లేనివాళ్లు ఎవరని కొందరికి అనుమానం రావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. కానీ సాధారణంగా ఇంటికి ఒక్కరికే ఇస్తారు. కొడుకు పేరున కారున్నా, కరెంటు వాడకం పరిమితి దాటినా ఆ ఒక్కటీ రాదు. పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కాగితం మీద ఉండాలి. ప్రైవేటు బడి మాస్టర్లు, లారీ ఆఫీసు గుమాస్తాలు, బట్టల కొట్టు సేల్స్‌మెన్ చాలామందికి ఆ కాగితమే లేదు. అటల్ పెన్షన్ యోజనలో చేరే వయసు నలభైతోనే అయిపోతుంది. వీళ్లంతా అటు పేదల జాబితాలోకి రారు, ఇటు రిటైరైన ఉద్యోగుల జాబితాలోకీ రారు.

ఇక ఆ డ్యూటీ సంగతి. రాత్రి ఏడింటికి ఇంట్లో నాలుగు ముద్దలు తిని, షుగర్ మాత్ర వేసుకుని గేటు దగ్గరికి వస్తాడు. మళ్లీ తిండి పొద్దున ఏడు తర్వాతే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వాడేవాళ్లకు ఇంత విరామం ప్రమాదం. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, విపరీతమైన ఆకలి, కళ్లు మసకలు వస్తే అది నిద్రలేమి కాదు, షుగర్ పడిపోవడం. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, ఆ తర్వాత ఏదైనా తినాలి. డాక్టరుకు చెప్పి మాత్ర వేళలు మార్పించుకోవాలి. చాలామంది దాన్ని ‘నీరసం’ అనుకుని మా దగ్గరికి బలం టానిక్ కోసం వచ్చేవారు. పగలు నిద్రపోతూ మధ్యాహ్నం భోజనం మానేసేవాళ్లయితే మరీ ఇబ్బంది.

రెండోది కాళ్లవాపు. గేటు దగ్గర కుర్చీ లేకుండా నిలబెట్టే చోట్లు చాలా ఉన్నాయి. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వచ్చి పొద్దుటికి తగ్గితే అది నిలబడటం వల్ల కావచ్చు. బొటనవేలితో నొక్కితే గుంట పడి, తెల్లవారినా తగ్గకపోతే, దానికి తోడు ఆయాసం ఉంటే గుండె, కిడ్నీ చూపించుకోవాల్సిందే. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కూడా కొందరికి కాళ్లు వాస్తాయి. అలాగని మాత్ర సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడిగి మార్పించుకోవాలి. ఒంట్లో నీరు తగ్గడానికి ఇచ్చే మాత్ర వేసుకుంటే గంటకోసారి మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. వాచ్‌మన్‌కు మరుగుదొడ్డి లేని భవనాలు మన ఊళ్లో లెక్కలేనన్ని. అందుకని డ్యూటీ రోజుల్లో ఆ మాత్ర మానేసేవాళ్లను నేను చూశాను. మాత్ర మానేస్తే వాపు, బీపీ రెండూ పెరుగుతాయి. జీతంలో కొంత మందులకు పోతోందని బాధపడేవాళ్లకు ఆ మందుల అవసరం పెంచుతున్నది ఆ ఉద్యోగమేనని తట్టేది కాదు.

చట్టం వైపు నుంచి కూడా ఇది సరిగా లేదు. దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని అంటుంది. పన్నెండు గంటల చొప్పున ఏడు రోజులు చేస్తే 84. పైగా 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డుకు 65 ఏళ్లు నిండకూడదు. దాంతో 65 దాటినవాళ్లను ఏజెన్సీలు అధికారికంగా పెట్టుకోవు. అప్పుడు వాళ్లను అపార్ట్‌మెంట్లు నేరుగా, ఏ కాగితమూ లేకుండా, ఇంకా తక్కువకు పెట్టుకుంటాయి. వయసు పెరిగేకొద్దీ రక్షణ పెరగాల్సింది, తగ్గుతోంది.

విమర్శించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మేం చేసిన మార్పు చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. అంతకుముందు ఇద్దరు గార్డులు పగలొకరు, రాత్రొకరు చెరి పన్నెండు గంటలు, తలా 13,000 రూపాయలు. మొత్తం 26,000. ఇప్పుడు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎనిమిది గంటలు నడివయసు గార్డు ఒకరు. అతని జీతం 13,000 అలాగే ఉంచాం. మిగతా పదహారు గంటలను నాలుగు పూటలుగా విడగొట్టి నలుగురు పెద్దవాళ్లకు ఇచ్చాం. ఒక్కొక్కరికి రోజుకు నాలుగు గంటలు, నెలకు 26 రోజులు, 4,000 రూపాయలు. మొత్తం 29,000 అయింది. పెరిగిన 3,000 రూపాయలను అరవై ఫ్లాట్లకు పంచితే తలా 50. మీటింగులో ఈ యాభై మీద గంటన్నర వాదన జరిగింది. వాదించినవాళ్లలో ఒకరికి మూడు కార్లు, అది వేరే సంగతి.

గంట లెక్క వేసుకుంటే పాత పద్ధతిలో గంటకు 36 రూపాయలు, ఇప్పుడు పెద్దవాళ్లకు 38 పైన పడుతోంది. గొప్ప జీతమని నేను అనను. ఇల్లు నడవదు దీనితో. కానీ మందులకు, పాలకు, కరెంటు బిల్లుకు పిల్లల ముందు చేయి చాపకుండా సరిపోతుంది. ప్రభుత్వ పింఛను ఇచ్చే మొత్తం కూడా ఇంతే.

ఆ నలుగురిలో ఒకాయనకు 67 ఏళ్లు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేశారు. షుగర్ ఉంది, మోకాళ్లు అరిగాయి. ఇంతకుముందు వేరే చోట రాత్రి డ్యూటీ చేసేవారు. పొద్దున పది నుంచి రెండు దాకా పూట ఆయనే అడిగి తీసుకున్నారు. తొమ్మిదింటికి ఇంట్లో మాత్ర వేసుకుని టిఫిన్ తిని వస్తారు, రెండున్నరకు ఇంటికెళ్లి భోంచేస్తారు. మందు వేళలకు పని వేళలు సరిపోయాయి. ఆ పూటలో వచ్చేవి ముఖ్యంగా పార్సిళ్లు, కొరియర్లు, గ్యాస్ బండి, మీటర్ రీడింగు. బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్‌లో రాసి, ఫ్లాటుకు ఫోను చేస్తే చాలు. గుమాస్తాగిరీ చేసిన చేయి కదా, ఆయన రాత మా రిజిస్టర్‌లో అందరికంటే బాగుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు పూట 61 ఏళ్ల ఒకావిడది. ఖాళీ దొరికితే చీరలకు ఫాల్ కుట్టుకుంటారు. కొందరు అభ్యంతరం చెప్పారు. నాకు మాత్రం ఫోను చూసుకుంటూ కూర్చునే గార్డు కంటే అది నయమే అనిపించింది.

ఇబ్బందులు లేవని కాదు. మొదటి నెలలో గేటు పెద్ద సమస్య అయింది. మాది పక్కకు జరిగే ఇనుప గేటు. దాన్ని నెట్టి ఒకాయనకు నడుం పట్టేసింది. అరిగిన చక్రాలు మార్పించాక ఒక చేత్తో జరుగుతోంది. పగలంతా చిన్న గేటు తెరిచి ఉంచుతున్నాం. నీళ్ల మోటారుకు ట్యాంకు నిండగానే ఆగిపోయే స్టార్టర్ పెట్టించాం కాబట్టి ఎవరూ మేడెక్కాల్సిన అవసరం లేదు. లిఫ్టు ఇరుక్కుంటే తలుపు తీయడం, చెత్త డబ్బాలు లాగడం, గొడవపడేవాళ్లను ఆపడం పెద్దవాళ్ల పని కాదని రాసి గోడకు అంటించాం. రాయకపోతే వారం తిరిగేసరికి ఒక్కొక్క పనీ వాళ్ల మీదే పడుతుంది. ఎవరైనా రాకపోతే ముందు పూటవాళ్లు ఉండిపోవాల్సి వస్తోంది. దీనికి ఇంకా సరైన దారి దొరకలేదు, అదనపు పూటకు 160 రూపాయలు ఇస్తున్నాం.

ఈఎస్ఐ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అరవై దాటినవాళ్లకు జీతం కంటే వైద్యం ఇప్పించే ఆ బీమా కార్డు విలువైనది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది, పై వయసు పరిమితి లేదు. రోజు సగటు కూలి 176 రూపాయలు మించకపోతే ఉద్యోగి తన వాటా కట్టనక్కర్లేదు, యజమాని వాటా 3.25 శాతం మాత్రం కట్టాలి. నెలకు 4,000 జీతం మీద అది 130 రూపాయలు. మా సంఘంలో పనివాళ్లు పదిమంది లేరు కాబట్టి మేం నేరుగా పెట్టుకుంటే ఈ కార్డు రాదు. మా పద్ధతిలో ఉన్న పెద్ద లోపం ఇదే. గార్డులను పంపే ఏజెన్సీయే పార్సిల్ బల్ల దగ్గర కూర్చునేవాళ్లను కూడా తన ఉద్యోగులుగా తీసుకుని ఒంటిపూటకు పంపితే కార్డు వస్తుంది. మేం అడిగిన ఏజెన్సీ ‘పన్నెండు గంటలకు తక్కువైతే మాకు గిట్టదు’ అంది. కార్మిక శాఖ, నగరపాలక సంస్థ కలిసి ఏజెన్సీలను, అపార్ట్‌మెంట్ సంఘాలను ఒకసారి కూర్చోబెడితే ఇది తేలని విషయం కాదు. కొత్త భవనాల ప్లాను మంజూరు చేసేటప్పుడు గేటు పక్కన కాపలా మనిషికి మరుగుదొడ్డి చూపించారా లేదా అని చూస్తే మరీ మంచిది.

పని వెతుక్కునే పెద్దవాళ్లకు ఒక్క మాట. ‘ఇంట్లో కూర్చుని పెన్సిళ్లు ప్యాక్ చేయండి, నెలకు ముప్పై వేలు’ అనే వాట్సాప్ ప్రకటనల్లో ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు. పనిచ్చేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగడు. అలాగే చేతికొచ్చిన పీఎఫ్ సొమ్మంతా పెట్టి టిఫిన్ సెంటరో కిరాణా కొట్టో తెరవడం తేలిక పని కిందకు రాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, అరువు వసూళ్ల టెన్షన్, మూట ఎత్తడం, అన్నీ అందులోనే ఉంటాయి.

ఇక మీకు ఒక విన్నపం. మీ పత్రిక క్లాసిఫైడ్స్‌లో రోజూ ‘సెక్యూరిటీ గార్డులు కావలెను, 12 గంటల డ్యూటీ’ అని కనిపిస్తూనే ఉంటుంది. ఆ పేజీలో ‘ఒంటిపూట పనులు’ అని విడిగా ఒక శీర్షిక పెట్టండి. మా సంఘం మొదటి ప్రకటన ఇస్తుంది, సాయంత్రం ఆరు నుంచి పది పూట మా దగ్గర వచ్చే నెల ఖాళీ అవుతోంది.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
రాజమహేంద్రవరం.