రూ.15,000 వడ్డీ మీద రూ.6,600 కోత ఎలా వచ్చింది? బ్రాంచి మేనేజర్ గారికి ఫిర్యాదు

తెనాలి,
20 ఫిబ్రవరి 2026

బ్రాంచి మేనేజర్ గారికి,

విషయం: పన్ను కోయవద్దని ఫారం 15హెచ్ ఇచ్చినా ఎఫ్‌డీ వడ్డీ మీద టీడీఎస్ కోసినందుకు, ఆ కోతకు లెక్క చెప్పనందుకు ఫిర్యాదు.

అయ్యా,

నాకు 68 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నా పెన్షను మీ బ్రాంచిలోని సేవింగ్స్ ఖాతాలోనే పడుతుంది. జనవరి మొదటి వారంలో పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటే ఈ రెండు లైన్లు వచ్చాయి:

```
26-12-2025  INT PAID TD     15,000.00 CR
26-12-2025  TDS RECOVERED    6,600.00 DR
```

పదిహేను వేలు ఇచ్చి, ఆ రోజే ఆరు వేల ఆరు వందలు తీసుకున్నారు. అంటే నూటికి 44. పన్ను కోత మామూలుగా పది శాతం, పాన్ లేకపోతే ఇరవై. నలభై నాలుగు శాతం అన్న మాట నేనెక్కడా వినలేదు.

కౌంటర్లో అడిగాను. "మీ పాన్ ఆధార్‌తో లింకు అయ్యుండదు మాస్టారూ, అందుకే ఇరవై శాతం పడింది" అన్నాడు అక్కడున్న అబ్బాయి. పదిహేను వేలలో ఇరవై శాతమంటే మూడు వేలే కదా అన్నాను. కాసేపు కంప్యూటర్ వంక చూసి, "సిస్టం కట్ చేసింది సార్, మా చేతిలో ఏం లేదు" అన్నాడు. సిస్టం కట్ చేసిందని నాకూ తెలుసు. దేని మీద కట్ చేసిందన్నదే నేనడిగింది. వారం తేడాతో రెండుసార్లు వెళ్లినా అదే జవాబు. ఇక ఇంటికొచ్చి కాగితం, పెన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నాకు మీ దగ్గర రెండు ఎఫ్‌డీలున్నాయి. మొదటిది 2025 మార్చి 26న వేసిన 8 లక్షలు, ఏడున్నర శాతం వడ్డీ. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొచ్చే రకం కాబట్టి ప్రతి విడతా సరిగ్గా రూ.15,000 సేవింగ్స్‌లో పడుతుంది, పాస్‌బుక్‌లో కనిపిస్తుంది. రెండోది సెప్టెంబరు 26న వేసిన 12 లక్షలు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీము గడువు తీరితే ఆ డబ్బు తెచ్చి మీ దగ్గర వేశాను. ఏడు శాతం, వడ్డీ అసలులో కలిసిపోయే రకం. డిసెంబరు 26న దీనికి రూ.21,000 వడ్డీ వచ్చి డిపాజిట్‌లోనే కలిసింది, 12 లక్షలు 12,21,000 అయింది. ఇది నా సేవింగ్స్ పాస్‌బుక్‌లో ఎక్కడా కనపడదు. కానీ దీని మీద పన్ను మాత్రం సేవింగ్స్‌ ఖాతా నుంచే పోతుంది. వడ్డీ ఒక పుస్తకంలో, కోత ఇంకో పుస్తకంలో.

సరే, రెండూ కలిపి చూద్దామనుకున్నాను. ఆ రోజు వచ్చిన వడ్డీ మొత్తం 36,000. పది శాతమైతే 3,600, ఇరవై శాతమైతే 7,200. మీరు కోసింది 6,600. ఇంకా కుదరలేదు. అయితే 6,600లోంచి 3,600 తీసేస్తే మిగిలేది 3,000, అది 30,000 మీద పది శాతం. ముప్పై వేలంటే జూన్‌లో పదిహేను, సెప్టెంబరులో పదిహేను. అక్కడ ముడి విడింది.

60 ఏళ్లు దాటినవాళ్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష రూపాయలు దాటితేనే టీడీఎస్. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ హద్దు 50,000 ఉండేది. 60 నిండనివాళ్లకు ఇప్పుడు ఆ 50,000, అంతకుముందు 40,000. ఈ హద్దు ఒక్కో డిపాజిట్‌కు విడిగా కాదు, ఒక్కో బ్రాంచికి కూడా కాదు. మీ బ్యాంకు అన్ని బ్రాంచీల్లో నా పేరున ఉన్నవన్నీ కలిపి. ఏప్రిల్‌లో నాకు మొదటి ఎఫ్‌డీ ఒక్కటే ఉంది, ఏడాదికి 60,000. లక్షకు చాలా దూరం కాబట్టి జూన్‌లో, సెప్టెంబరులో ఏమీ కోయలేదు, కోయకూడదు కూడా. రెండోది వేశాక మార్చి విడతలో దానికి రూ.21,367.50 రావాలి. అంటే దాని మీద ఈ ఏడాది 42,367. నెలాఖరు అయిదు రోజుల పైచిల్లర వదిలేసినా మొత్తం 1,02,367. లక్ష దాటింది.

దాటింది రెండు వేల చిల్లరే అయినా, పన్ను ఆ చిల్లర మీద కాదు, మొత్తం మీద పడుతుంది. మార్చి దాకా వచ్చే వడ్డీని మీ కంప్యూటర్ ముందే అంచనా వేసుకుని, లక్ష దాటుతుందని తేల్చుకుని, జూన్, సెప్టెంబరు విడతల్లో వదిలేసిన కోతను కూడా డిసెంబరులో ఒకేసారి పట్టుకుంది. 15,000, 15,000, 15,000, 21,000 కలిపితే 66,000. పది శాతం 6,600. ఆదాయపు పన్ను సైటులో నా ఫారం 26ఏఎస్ తెరిచి చూస్తే మీ బ్యాంకు పేరు కింద అచ్చంగా అదే ఉంది: 66,000 వడ్డీ, 6,600 పన్ను.

కాబట్టి అంకె తప్పు కాదు, ఒప్పుకుంటున్నాను. ఈ మాట చెప్పడానికి మీ కౌంటర్లో ఎవరికీ నోరు రాకపోవడం మొదటి ఫిర్యాదు. పాస్‌బుక్‌లో `TDS RECOVERED` పక్కన ఎఫ్‌డీ నంబరు గానీ, ఎంత వడ్డీ మీదన్నది గానీ ఒక్క ముక్క లేదు. నేనంటే లెక్కలు చెప్పి బతికినవాణ్ని. నా వెనక క్యూలో నిలబడ్డ పెద్దావిడ పాస్‌బుక్‌లో మరో రకం చిక్కు చూశాను. ఆమెకు కోత లైనే లేదు, వడ్డీ 9,000 రావలసిన చోట 8,100 అని నేరుగా వేశారు. వడ్డీ రేటు తగ్గించారేమో అనుకుంటోంది పాపం. రేపు రిటర్నులో ఆ 8,100నే ఆదాయంగా చూపిస్తే, బ్యాంకు పంపిన 9,000తో సరిపోక నోటీసు వస్తుంది. చూపించాల్సింది కోత ముందు వడ్డీ.

రెండో ఫిర్యాదు అసలైనది. నా 6,600 కోయనే కూడదు.

రెండో డిపాజిట్ వేసిన రోజే, లక్ష దాటుతుందని నేనే లెక్కేసుకుని ఫారం 15హెచ్ నింపి ఇచ్చాను. పెన్షను నెలకు 45,000, పోస్టాఫీసు వడ్డీ, మీ వడ్డీ అన్నీ కలిపినా నా ఆదాయం ఏడు లక్షల లోపు. కొత్త పద్ధతిలో పన్ను వేసే ఆదాయం 12 లక్షల దాకా ఉన్నా రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. పన్ను సున్నా అయ్యే 60 ఏళ్లవాళ్ల కోసమే 15హెచ్ ఉంది. ఏప్రిల్‌లో ఇవ్వలేదేమని మీవాళ్లు అడుగుతున్నారు. ఏప్రిల్‌లో నా వడ్డీ హద్దు లోపే ఉంది, అవసరం పడలేదు. అవసరం పడిన రోజునే ఇచ్చాను. మీ బ్రాంచి ముద్ర, సెప్టెంబరు 26 తేదీ ఉన్న నకలు నా దగ్గరుంది, జిరాక్సు జతచేశాను.

మరి అది ఏమైంది? ఈ నెల 12న నేను పట్టుబడితే ఫైలు తీయించారు. ఎఫ్‌డీ వేసిన కాగితాల కట్టలో, పాన్ జిరాక్సుకు వెనక, గుండుసూదితో గుచ్చి నా 15హెచ్ భద్రంగా ఉంది. నా సంతకం సిరా కూడా వెలిసిపోలేదు. పై భాగం నేను నింపింది, కింద బ్యాంకు నింపాల్సిన భాగం మాత్రం తెల్లగా ఖాళీ. 15హెచ్ తీసుకుంటే దానికి హెచ్ అక్షరంతో మొదలయ్యే వరుస సంఖ్య ఇచ్చి, నా కస్టమర్ ఐడీకి ఎక్కించాలి. కాగితం కట్టలో ఉంటే మీ సిస్టానికి తెలియదు, తెలియకపోతే కోస్తుంది. పాపం సిస్టం చేసిన తప్పేమీ లేదు.

డిసెంబరులో కోసినది జనవరి 7 లోపే ప్రభుత్వానికి కట్టేస్తారని, ఇక మీరు వెనక్కివ్వలేరని నాకు తెలుసు. జూలైలో రిటర్ను వేసి నేనే రాబట్టుకోవాలి. నాకు పన్నే లేదు కాబట్టి మొత్తం వస్తుంది. కానీ ఎవరి పొరపాటు వల్ల నా డబ్బు అన్ని నెలలు అక్కడ కూర్చుంటుందో మీ రికార్డులోనూ ఉండాలని ఈ లేఖ.

ఇప్పుడు మీరు చేయాల్సింది కొంచెమే. మార్చి 26న మళ్లీ రెండు డిపాజిట్లకూ వడ్డీ పడుతుంది, 36,367 రూపాయలు. నా 15హెచ్‌ను ఈలోగా ఎక్కించకపోతే దాని మీద ఇంకో 3,637 పోతుంది. అందుకని వెంటనే ఎక్కించి, ఆ వరుస సంఖ్య నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు ఎఫ్‌డీలూ ఒకే కస్టమర్ ఐడీ కింద ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకటి వేరే ఐడీ మీద ఉంటే దానికి కోత ఆగదు. అక్టోబరు నుంచి డిసెంబరు త్రైమాసికానికి టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఏ, ఫిబ్రవరి 15 లోపు ఇవ్వాలి, ఇంకా అందలేదు, అదీ ఇప్పించండి. నా పాస్‌బుక్‌లో ఆ కోత లైను పక్కన ఏ ఎఫ్‌డీ మీద ఎంతన్నది చేత్తోనైనా రాసి ముద్ర వేయించండి.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాను. బెదిరింపని అనుకోకండి, ఆ పద్ధతి మీ బ్రాంచి గోడ మీదే బోర్డు కట్టి ఉంది. వచ్చే ఏడాది 15హెచ్ ఏప్రిల్ మొదటి వారంలోనే తెస్తాను, ఒక ఏడాదిది ఇంకో ఏడాదికి పనికిరాదు కదా. ఆ రోజు సంఖ్య ఇచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలనని ముందే చెప్తున్నాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
విశ్రాంత ఉపాధ్యాయుడు

జతచేసినవి: పాస్‌బుక్ పేజీ, ముద్ర ఉన్న 15హెచ్ నకలు, 26ఏఎస్ ప్రింటు.