పేరు మార్పు ఫైలులో పాత సంతకం చూడకుండానే ‘సరిపోయింది’ అని రాసిన పరిశీలనపై ఫిర్యాదు

గౌరవనీయులైన నాణ్యతా విభాగాధికారి గారికి,

విషయం: పెళ్లి తర్వాత పేరు మారిన ఖాతాదారు నమూనా సంతకం కార్డును, దానికి జతచేసిన కాగితాలను మీ సంస్థ సరిగా పోల్చకపోవడం గురించి.

ఆర్యా,

మా శాఖ నుంచి వచ్చే సంతకం కార్డు మార్పుల ఫైళ్లను పరిశీలించి, కొత్త సంతకం బొమ్మను సిస్టంలోకి ఎక్కించే పని ఒప్పందం ప్రకారం మీ సంస్థది. కిందటి నెల అలా వెళ్లిన ఒక ఫైలు, పరిశీలన పట్టీలో ప్రతి గడిలోనూ ‘సరిపోయింది’ అనే టిక్కుతో తిరిగి వచ్చింది. మళ్లీ తీసి చూస్తే ముఖ్యమైన ఒక్క పోలికా అందులో జరగలేదని తేలింది.

ఫైలులో ఉన్నవి ఐదు కాగితాలు: పేరు మార్పు దరఖాస్తు, కొత్త సంతకం కార్డు, మ్యారేజ్ సర్టిఫికెట్ జిరాక్స్, పాత పేరుతో గుర్తింపు కార్డు జిరాక్స్, కొత్త పేరుతో గుర్తింపు కార్డు జిరాక్స్. ఆమె పాత సంతకం కార్డు సిస్టంలోనే ఉంది. దరఖాస్తు మీద ఆమె కొత్త సంతకమే పెట్టారు. మీ పరిశీలకులు ఆ సంతకాన్ని కొత్త కార్డు మీది సంతకంతో పోల్చి, రెండూ ఒకటేనని టిక్కు పెట్టారు. ఒకే మనిషి ఒకే వారంలో చేసిన రెండు సంతకాలు కలవక ఏం చేస్తాయి? ఆ పోలిక వల్ల తెలిసేది రెండు కాగితాల మీదా సంతకం చేసింది ఒకరేనని మాత్రమే. ఆ ఒకరు మన ఖాతాదారు అవునా కాదా అన్నది దానివల్ల తేలదు. ఖాతాదారు కాని మనిషి వచ్చి దరఖాస్తు మీదా కార్డు మీదా సంతకం పెట్టి ఉన్నా మీ పట్టీలో ఇదే టిక్కు పడేది.

దరఖాస్తు మీద పాత సంతకం ఉండి తీరాలని మేము అడిగేది అందుకే. బ్యాంకు దగ్గర ఆమెకు రుజువుగా ఉన్నది ఆ రోజు వరకు పాత సంతకం ఒక్కటే. దరఖాస్తులో పాత పేరు, పాత సంతకం ఒక వైపు, కొత్త పేరు, కొత్త సంతకం మరో వైపు ఉండాలి. ముందుగా పాత సంతకాన్ని సిస్టంలోని బొమ్మతో పోల్చాలి. అది కలిశాకే కొత్త సంతకం జోలికి వెళ్లాలి. పాత సంతకం లేకుండా వచ్చిన దరఖాస్తును తిప్పి పంపడం తప్ప వేరే దారి లేదు. చేయి దెబ్బతిని పాత సంతకం పెట్టలేనివారి సంగతి వేరు. వాళ్లను శాఖ అధికారి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒరిజినల్ కాగితాలు చూసి, ఆ మాట దరఖాస్తు మీదే రాసి సంతకం చేస్తారు. ఈ ఫైలులో అలాంటి రాతేమీ లేదు.

ఇందులో మా శాఖ తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. దరఖాస్తు తీసుకున్న కౌంటరులోనే దీన్ని పట్టుకోవాల్సింది. అయితే అక్కడ జారిపోయినదాన్ని పట్టుకోవడానికే రెండో పరిశీలన పెట్టుకున్నాం.

రెండో సంగతి మ్యారేజ్ సర్టిఫికెట్. మీ పట్టీలో దాని ఎదురుగా ‘కొత్త పేరు సరిపోయింది’ అని ఉంది. సర్టిఫికెట్‌లో కొత్త పేరే లేదు. వధువు పేరు పెళ్లికి ముందున్నట్టే ఉంది, పక్కన వరుడి పేరు ఉంది, అంతే. చాలా సర్టిఫికెట్లు ఇలాగే ఉంటాయి, అందులో తప్పు లేదు. కానీ పరిశీలకులు లేనిదాన్ని ఉన్నట్టు రాశారు. ఇక్కడ చూడాల్సింది కాగితాల మధ్య గొలుసు. ఖాతాలోని పాత పేరు సర్టిఫికెట్‌లోని వధువు పేరుతో కలవాలి. ఆమె తీసుకున్న ఇంటిపేరు సర్టిఫికెట్‌లోని వరుడి ఇంటిపేరుతో కలవాలి. కొత్త గుర్తింపు కార్డులోని పుట్టిన తేదీ, ఫొటో పాత గుర్తింపు కార్డుతో కలవాలి. ఈ మూడు కొక్కేలూ పడితేనే పాత పేరు మనిషీ కొత్త పేరు మనిషీ ఒకరేనని చెప్పగలం. ఈ ఫైలులో మూడో కొక్కెం పడింది. మొదటిదే పడలేదు: ఖాతాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది. ఆ పొడి అక్షరానికి విడమరుపు అదేనని పాత గుర్తింపు కార్డు చూసి ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఆ వాక్యం రాయలేదు.

విచిత్రమేమిటంటే, అడ్డు చెప్పనక్కర్లేని చోట మీ వాళ్లు అడ్డు చెప్పారు. కొత్త గుర్తింపు కార్డు జారీ తేదీ పెళ్లి రిజిస్ట్రేషన్ తేదీ కన్నా ముందుందని ఎర్ర సిరాతో రాసి, తర్వాత కొట్టేశారు. సర్టిఫికెట్‌లో పెళ్లి జరిగిన తేదీ, రిజిస్టరైన తేదీ విడివిడిగా ఉంటాయి. పోల్చాల్సింది మొదటి తేదీతో. కార్డు ఆ తేదీ తర్వాతే జారీ అయింది.

ఇక మూడోది, ఖాతాదారుకు నేరుగా ఇబ్బంది తెచ్చినది. కొత్త బొమ్మ ఎక్కించేటప్పుడు పాత బొమ్మను తీసేసి దాని చోట పెట్టారు. దరఖాస్తు 6వ తేదీది, కొత్త బొమ్మ ఎక్కింది 9న. ఆమె 2న పాత సంతకంతో రాసిచ్చిన చెక్కు 12న వచ్చింది. పోల్చడానికి పాత సంతకం లేదు కాబట్టి ‘సంతకం తేడా’ అన్న కారణంతో తిరిగి వెళ్లింది. ఖాతాలో డబ్బుంది, చెక్కు నిజమైనదే, అయినా ఆమె మాట పోయింది. పాత కార్డును కొట్టేయకూడదు. ‘ఫలానా తేదీ నుంచి చెల్లదు’ అని గుర్తు పెట్టి, ఆ తేదీకి ముందు రాసిన చెక్కులకోసం సిస్టంలో అలాగే ఉంచాలి. అయితే చెక్కు మీద పాత తేదీ ఎవరైనా వేయగలరు. అందుకే ఇంకా చెల్లింపు కాని చెక్కుల నంబర్లు ఖాతాదారు దగ్గర ముందే రాయించుకుంటాం. దరఖాస్తు వెనక ఆ నంబర్లు నాలుగు ఉన్నాయి, తిరిగి వెళ్లిన చెక్కు వాటిలో ఒకటి. వెనక పేజీని స్కాన్ చేయలేదు కాబట్టి అవి ఎవరి కంటా పడలేదు.

కొత్త కార్డు మీది మూడు సంతకాల్లో మూడోదాని తోక గడి కింది గీతను దాటిందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మీరు ఎక్కించిన బొమ్మ ఆ మూడోదే. గడి మేరకే కత్తిరించడంతో తోక తెగిపోయింది. ఇక ఆమె నిండుగా పెట్టే ప్రతి సంతకమూ ఆ బొమ్మ పక్కన తేడాగానే కనిపిస్తుంది.

ఈ ఫైలుకు సంబంధించి మేము కోరుతున్నవి ఇవి. పాత సంతకం బొమ్మను 3 పనిదినాల్లో తిరిగి పెట్టి, చెల్లని తేదీ గుర్తు చేర్చండి. ఇప్పుడున్న కొత్త బొమ్మను నిలిపివేయండి. రెండు సంతకాలతో కొత్త దరఖాస్తు, కొత్త కార్డు ఖాతాదారు దగ్గర మేమే తీసుకుని పంపుతాం. వాటిని దరఖాస్తు రెండు వైపులా స్కాన్ చేసి పరిశీలించండి. పరిశీలన పట్టీలో ‘సంతకం’ అన్న ఒక్క గడి బదులు రెండు గడులు పెట్టండి: దరఖాస్తులోని పాత సంతకం, సిస్టంలోని బొమ్మ పోలిక ఒకటి, దరఖాస్తులోని కొత్త సంతకం, కొత్త కార్డు పోలిక ఇంకొకటి. మొదటి గడి ఖాళీగా ఉంటే ఫైలు ముందుకు కదలకూడదు.

కిందటి 3 నెలల్లో మా శాఖ నుంచి పెళ్లి కారణంగా వచ్చిన పేరు మార్పు ఫైళ్లన్నిటినీ ఈ రెండు గడుల ప్రకారం మళ్లీ చూసి, దరఖాస్తు మీద పాత సంతకం లేనివాటి జాబితా 10 పనిదినాల్లో పంపగలరు. జాబితా వచ్చేదాకా అలాంటి ఫైళ్లను మీకు పంపకుండా శాఖలోనే ఆపుతున్నాం.

ఇట్లు,
ఖాతాల పరిశీలన విభాగం

జత: దరఖాస్తు రెండు వైపులా, పరిశీలన పట్టీ, తిరిగి వెళ్లిన చెక్కు జిరాక్స్.