వీడీఆర్ఎల్ ఒక్కదాన్ని నమ్మి గొడవ పడొద్దు

కర్నూలు

రేయ్ సీనా,

నీ ఉత్తరం చేరింది. చెల్లెమ్మకు మూడో నెల అని చదివి సంబరపడేలోపే మిగతాది చదివి మనసు కలుక్కుమంది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్షలో 'రియాక్టివ్ 1:2' అని వచ్చినందుకు మీ ఇద్దరి మధ్య మాటలే లేకుండా పోయాయా? ఆ కాగితం అంత మాట చెప్పలేదురా. నేను రోజూ ల్యాబులో చూసే టెస్టే ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

వీడీఆర్ఎల్ సిఫిలిస్ క్రిమిని చూడదు. ఒంట్లో కణాలు దెబ్బతిన్నప్పుడు పుట్టే ఒక రకం యాంటీబాడీలను పట్టుకుంటుంది. సిఫిలిస్ ఉంటే అవి పుడతాయి, నిజమే. కానీ లూపస్ లాంటి జబ్బుల్లోనూ, ఈమధ్య వచ్చిపోయిన కొన్ని జ్వరాల వల్లా, ఒక్కోసారి ఉత్త గర్భం వల్లే కూడా పుడతాయి. 1:2 అంటే సీరాన్ని సగానికి పల్చన చేసినా రియాక్షన్ కనిపించింది, అంతకన్నా పల్చన చేస్తే కనిపించలేదు అని. జబ్బు లేకుండా వచ్చే పాజిటివ్‌లు ఎక్కువగా ఇలా చిన్న అంకెల్లోనే ఉంటాయి. అట్లని వదిలేయడానికీ లేదు, పాత సిఫిలిస్‌లోనూ అంకె ఇంతే ఉండొచ్చు.

తేల్చేది టీపీహెచ్ఏ అనే ఇంకో రక్తపరీక్ష. అది ఆ క్రిమి మీద పుట్టిన యాంటీబాడీలనే వెతుకుతుంది. నెగెటివ్ వస్తే చెల్లెమ్మకు సిఫిలిస్ లేదనే అనుకోవచ్చు. మరీ కొత్తగా సోకి ఉంటే దొరకదు కాబట్టి కొన్ని వారాలకు ఇంకోసారి చూస్తారు. పాజిటివ్ వస్తే ఇప్పుడైనా ఉండాలి, ఎప్పుడో వచ్చి తగ్గిపోయి అయినా ఉండాలి. ఎందుకంటే పూర్తిగా నయమైనా టీపీహెచ్ఏ చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. ముందు వైద్యం చేయించుకున్న కాగితాలు లేకపోతే గర్భిణికి ఆలస్యం చేయకుండా వైద్యం చేస్తారు.

వైద్యం అంటే బెంజథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు వారానికొక డోసు, మొత్తం మూడు. వారం తప్పకూడదు. కడుపులో బిడ్డ దాకా చేరి పనిచేస్తుందని నమ్మదగ్గ మందు అదొక్కటే. పెన్సిలిన్ పడదంటే ఆసుపత్రిలో ఉంచి, కొద్దికొద్దిగా అలవాటు చేసి మరీ ఇస్తారు. వైద్యం లేకుండా వదిలేస్తే కడుపులోనే బిడ్డ పోవచ్చు, లేదా జబ్బుతో పుట్టొచ్చు. మూడో నెలలోనే తెలియడం చాలా మేలు. ఆమెకు పాజిటివ్ వస్తే నువ్వూ టెస్టు చేయించుకుని, ఇంజెక్షన్ వేయించుకోవాల్సిందే. లేకపోతే ఆమెకు మళ్లీ నీ నుంచే వస్తుంది.

ఇంకొక్క మాట. సిఫిలిస్ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఒంట్లో దాక్కుంటుంది. పెళ్లికి ముందు నుంచే ఎవరిలో ఉన్నా ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ రెండు టెస్టులూ చెప్పలేవు. ఆ ప్రశ్న ఆమెను అడగొద్దురా, నీ కాళ్లు పట్టుకుంటా.

సోమవారం ఇద్దరూ పొద్దున బస్సుకే రండి. ఆ రిపోర్టు తీసుకురా. పెద్దాసుపత్రిలో ఇద్దరికీ రక్తం తీయిస్తా. హెచ్ఐవీ టెస్టు కూడా ఐసీటీసీ అనే సర్కారు పరీక్షా కేంద్రంలో ఉచితంగా అయిపోతుంది. అమ్మకేమీ చెప్పొద్దు, స్కానింగ్‌కని చెప్పి రండి.

నీ
రమణ