ఉదయం 5 నుంచి 6: పాటల్లేని గంటకు చోటిచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు

మన జిమ్ సభ్యులందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి ఉదయం 5 నుంచి 6 వరకు కొత్తగా చేరినవాళ్లకూ, అరవై దాటిన పెద్దవాళ్లకూ విడిగా ఒక గంట ఇస్తున్నాం. ఆ గంటలో పాటలు ఉండవు, బరువులు కిందకి వదిలెయ్యడం ఉండదు, పదిమందికి మించి ఎవరూ ఉండరు. అదనంగా ఫీజు ఏమీ లేదు. ఇది నా ఒక్కడి వల్ల అయిన పని కాదు. ఎవరెవరు ఏం చేశారో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

ఈ సంక్రాంతి వెళ్లాక ఒక రిటైర్డ్ మాస్టారు చేరారు. వయసు 68. కూతురు పోరు పెడితే వచ్చారు. మా ట్రైనర్ కుర్రాడు ఆయన చేతిలో అందరికీ ఇచ్చే చార్టే పెట్టాడు: పది నిమిషాలు ట్రెడ్‌మిల్, తర్వాత లెగ్ ప్రెస్. ప్లేట్లేమీ వెయ్యలేదు, ఖాళీగానే కదా అనుకున్నాడు. కానీ మన మెషీన్‌లో కాళ్లతో తోసే బండి బరువే 40 కిలోల పైన. మాస్టారు ఊపిరి బిగబట్టి తోశారు. మధ్యలో "బాబూ, కళ్లు తిరుగుతున్నాయి" అన్నారట. పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. సెట్ అయ్యాక ఒక్కసారిగా లేచి నిలబడి, అలాగే కూలబడ్డారు. పక్క బెంచి మీదున్న తమ్ముడు తలకి చెయ్యి అడ్డం పెట్టకపోతే ఏమయ్యేదో. నేను అప్పుడు కౌంటర్ దగ్గర బిల్లులు రాసుకుంటున్నాను.

సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే ఫిజియో మేడమ్ అదృష్టవశాత్తూ ఆ రోజు ఉదయమే వచ్చారు. ఆయన్ని పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టించి, బీపీ చూశారు. 96/60. పది నిమిషాల్లో తేరుకున్నారు. ఆ తర్వాత ఆవిడ నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. ఊపిరి బిగబట్టి బరువు తోస్తే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, వదలగానే దబ్బున పడుతుంది. మాస్టారు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకున్నారు, ఏమీ తినలేదు. పైగా కాళ్లు ఎత్తిపెట్టి వెనక్కి వాలి ఉన్న మనిషి గబుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. ఈ నాలుగూ ఒకేసారి కలిశాయి. ఇందులో రెండు మా కుర్రాడు పక్కనే నిలబడి చెవి పెట్టి ఉంటే తెలిసేవి.

పాటలు ఆపడం ఎందుకని అడిగినవాళ్లకి నా జవాబు ఇదే. ధ్యానం కోసం కాదు, ఊపిరి వినపడటం కోసం. బీపీకి, గుండెకి కొందరు వేసుకునే మాత్రలు (పేరు చివర "లాల్" అని ఉండేవి, మెటోప్రొలాల్ లాంటివి) గుండె వేగాన్ని పెరగనివ్వవు. వాళ్ల చేతికి ఎంత ఖరీదైన వాచీ కట్టినా అందులో కనిపించే అంకె మీద ఆధారపడలేం. అందుకే మాట్లాడించి చూస్తాం. నడుస్తూ ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకోసారి ఆగుతుంటే వేగం తగ్గించాలి. కూనిరాగం తీస్తుంటే కొంచెం పెంచొచ్చు. బరువు ఎత్తేటప్పుడు "ఉఫ్" అని ఊపిరి వదిలిన చప్పుడు రావాలి, అది రాకపోతే బిగబట్టినట్టే. డీజే మోతలో ఇవన్నీ ఎక్కడ వినిపిస్తాయి?

మేడమ్ రెండు ఆదివారాలు తన పని మానుకుని మా ఇద్దరు ట్రైనర్లకీ ఇదంతా నేర్పారు. రూపాయి తీసుకోలేదు. మేడమ్, మీ రుణం తీర్చుకోలేను.

మాస్టారు మళ్లీ రారనుకున్నాను. నాలుగో రోజు వచ్చారు! ఈసారి మేడమ్ మెషీన్ల జోలికే పోనివ్వలేదు. 17 అంగుళాల ఎత్తున్న బెంచి మీద కూర్చోబెట్టి, చేతులు గుండెలకి అడ్డంగా కట్టుకోమని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టారు. ఏడు. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లకి 12 కన్నా తక్కువైతే కాళ్లలో బలం తగ్గినట్టు, పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మాస్టారి ముఖం చిన్నబోయింది.

ఇక్కడ మన వడ్రంగి తమ్ముడిని తలుచుకోవాలి. అంగుళం మందం చెక్కలు నాలుగు కోసి, అంచులు నున్నగా చేసి, ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చునేలా పెగ్గులు పెట్టి తెచ్చాడు. నాలుగూ బెంచి మీద పేరిస్తే సీటు 21 అంగుళాలు అవుతుంది, లేవడం తేలిక. మాస్టారు వారానికి మూడు రోజులు, ఎనిమిదేసి చొప్పున రెండు సెట్లు, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ చేశారు. రెండు వారాలకో చెక్క తీసేశాం. మూడో చెక్క తీసినప్పుడు మోకాలు నొప్పన్నారు, దాన్ని తిరిగి పెట్టి ఇంకో వారం ఆగాం. పది వారాల తర్వాత మళ్లీ లెక్కపెడితే పదకొండు. పన్నెండు ఇంకా రాలేదు. ఆయన మాత్రం నాతో ఆ లెక్క మాట్లాడరు, "ఇప్పుడు బస్సు కమ్మీ పట్టుకోకుండా ఎక్కుతున్నానయ్యా" అంటారు.

ఇక 5 గంటల బ్యాచ్ తమ్ముళ్లు. ఎనిమిదిమందీ మూడేళ్లుగా ఆ గంటకే వస్తున్నారు, డెడ్‌లిఫ్ట్ వాళ్ల ప్రాణం. నేను నసుగుతూ అడిగితే, ఆ రోజు మాస్టారి తలకి చెయ్యి అడ్డం పెట్టిన తమ్ముడే "అన్నా, మేం ఆరింటికి వస్తాం" అన్నాడు. ఒకతనికి షిఫ్టు కుదరక సాయంత్రానికి మారాడు. ట్రెడ్‌మిల్ పక్కన గోడకి పట్టుకునే కడ్డీ కూడా వాళ్లే చందా వేసుకుని పెట్టించారు.

రిటైరైన నర్సమ్మగారు రోజూ మొదటి పావుగంట బీపీ చూస్తానని ఒప్పుకున్నారు. పై సంఖ్య 180 గానీ కింది సంఖ్య 110 గానీ దాటితే ఆ రోజు వ్యాయామం లేదు, ఇంటికి ఫోన్ చేసి డాక్టరు దగ్గరికి పంపిస్తాం. ఈ విషయంలో బతిమాలొద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున రావొద్దు. షుగర్ 90 కన్నా తక్కువుంటే ముందు ఏదైనా తినాలి. మధ్యలో చెమటలు, వణుకు వచ్చి షుగర్ 70 కన్నా తక్కువకి పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూస్తాం. పంచదార డబ్బా కౌంటర్ మీదే ఉంటుంది, దయచేసి ఎవరూ టీలోకి వాడుకోకండి.

నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లు, ఈ మధ్యే కంటి ఆపరేషన్ గానీ హెర్నియా ఆపరేషన్ గానీ అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే చేరండి. మా దగ్గర ఉన్నది ట్రైనర్లే, వైద్యులు కాదు.

బరువుల పని సోమ, బుధ, శుక్రవారాల్లోనే. ఒకే కండకి వరసగా రెండు రోజులు పని చెప్పం. మంగళ, గురు, శనివారాల్లో నడక, కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. ఆదివారం సెలవు.

వచ్చేటప్పుడు వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకురండి, ఫొటో తీసి మీ కార్డుకి జత చేస్తాం. చెప్పులతో ట్రెడ్‌మిల్ ఎక్కనివ్వం, బూట్లు ఉండాలి. సోమవారం తాళం నేనే 4:45కి తీస్తాను. మెట్ల దగ్గర లైటు నిన్ననే మార్పించాం. మొదటి పేరు రాయించుకున్నది మాస్టారే, ఇంకా నాలుగు చోట్లు ఉన్నాయి.